మా ఇద్దర్నీ కూడి సగం చేస్తే

నేను హైస్కూల్లో తెలుగు పంతుల్ని. నల్లబల్ల కింది సగం నాది, పై సగం లెక్కల సారుది. ఛందస్సు చెప్పేటప్పుడు వెనక బెంచీల్లో ఎవడో "మన సార్ గురువే గానీ లఘువురా" అన్నాడని చెవిన పడింది. వాడెవడో తెలిసుంటే ఆ ఒక్క మాటకు మార్కులన్నీ వేసేవాణ్ణి. మా ఇంటావిడ నాకంటే ఇంకా అయిదు వేళ్ళు తక్కువ. అందుకే మా పాప బడి ప్రార్థనలో ఎప్పుడూ మొదటి వరసలో మొదట నిలబడితే మాకేమీ వింత అనిపించలేదు. రెండు లఘువులు పక్కపక్కన పెడితే గురువు ఎట్లా వస్తుంది?

వింత అనిపించింది మా ఇంటావిడకు. అదీ స్కర్టు చూసి.

మా దిక్కు ఆడపిల్లకు యూనిఫాం కుట్టిస్తే అంచు లోపల మూడు మడతలు పెట్టిస్తారు. ఏడాదికొక మడత విప్పుకుంటూ పోతే ఒకే స్కర్టు మూడేళ్ళు వస్తుంది. పాప మూడో తరగతిలో కుట్టించిన స్కర్టుకు నాలుగులో ఒక మడత విప్పినాము. అయిదో తరగతి సగం గడిచినా రెండో మడత అట్లే ఉంది. నడుము దగ్గర మాత్రం రెండు మార్లు వదులు చేయించాల్సి వచ్చింది. ఒక ఆదివారం ఆ స్కర్టు ఒళ్ళో పెట్టుకుని కూచుని, మా ఇంటావిడ నెమ్మదిగా అనింది:

"ఏమయ్యా, పాప నిలబడిపోయింది."

"నిలబడితే మంచిదే గదా, నేనింకా తడబడతానే ఉండాను" అన్నాను. నాకు మాట దొరికితే వదిలిపెట్టే గుణం లేదు. ఆమె నవ్వలేదు. స్కర్టు మడిచి లోపల పెట్టి, రేపు సెలవు పెట్టమనింది.

ఊళ్ళో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పోయినాము. పాపను చెప్పులిప్పించి, గోడకు బిగించిన కొలత పలక ముందు మడమలు ఆనించి నిలబెట్టి, తలమీద అడ్డపలక దించి చూసినారు. నూట ఇరవై నాలుగు సెంటీమీటర్లు. పదేళ్ళ ఆడపిల్లల చార్టులో అన్నిటికంటే కింది గీత మీద ఒక చుక్క పెట్టినారు. అప్పుడు డాక్టరమ్మ మా ఇద్దరి ఎత్తులూ అడిగినారు.

నేను అయిదడుగుల అయిదంగుళాలు అన్నాను. అది పెళ్ళి సంబంధాల కాలంలో మా పెద్దమామ నాకిచ్చిన ఎత్తు. అప్పట్నుంచీ అందులోనే అద్దెకున్నట్టు ఉంటున్నాను. మా ఇంటావిడ అయిదడుగుల ఒకటి అనింది. అది వాళ్ళ నాయన మధ్యవర్తికి చెప్పిన ఎత్తు. ఇన్నేళ్ళ కాపురంలో ఒకరి అబద్ధం ఒకరికి కళ్ళెదుటే నడుస్తున్నా ఇద్దరం పల్లెత్తు మాట అనుకోలేదు. అన్యోన్యత అంటే ఇదేనని నేను బడిలో కూడా చెప్పినట్టు గుర్తు.

డాక్టరమ్మ లెక్క చాలా సులువు. తల్లి ఎత్తూ తండ్రి ఎత్తూ కూడాలి. మగపిల్లవాడైతే పదమూడు సెంటీమీటర్లు కలపాలి, ఆడపిల్లయితే పదమూడు తీసెయ్యాలి. వచ్చినదాన్ని సగం చెయ్యాలి. పెద్దయినాక బిడ్డ ఎత్తు ఆ చుట్టుపక్కల ఉంటుంది. చుట్టుపక్కల అంటే పైకి ఎనిమిదిన్నర, కిందికి ఎనిమిదిన్నర. మేము చెప్పిన ఎత్తుల ప్రకారం నూట అరవై అయిదు, నూట యాభై అయిదు. కూడి, తీసి, సగం చేస్తే నూట యాభై మూడున్నర.

ఆమె కలం చార్టు మీద కుడిచివరికి పోయి, ఆ నూట యాభై మూడున్నర దగ్గర ఆగి, మళ్ళీ పాప చుక్క దగ్గరికి వచ్చింది. రెండింటికీ పొత్తు కుదరలేదు. మీ పాప ఉండాల్సిన దారికి చాలా కింద ఉందని, రక్తపరీక్షలు చేయిస్తే మంచిదని అంటూనే, ఎందుకో మమ్మల్నిద్దర్నీ తలెత్తి చూసినారు. కూచున్న మనుషుల ఎత్తు కూడా తెలిసిపోతుందేమో ఆ చూపుకు.

"సార్, మీరిద్దరూ కూడా ఒకసారి నిలబడండి. చెప్పిన ఎత్తులు నేను రాసుకోను" అన్నారు.

చెప్పులిప్పినాను. వాటితో పాటే ఒక అంగుళం పోయింది. మిగతా రెండంగుళాలు అడ్డపలక తల మీద ఆనినప్పుడు పోయినాయి. నూట యాభై ఏడు. మా ఇంటావిడ నూట నలభై ఏడు. పాప పక్కనుంచి ఆ అంకెలు పైకి చదివింది. వాళ్ళమ్మ చెవుల దాకా ఎర్రబడింది. ఇంట్లో ఇద్దరికీ తెలిసిన సంగతే అయినా, పరాయి మనిషి ముందు సెంటీమీటర్లలో బయటపడితే వేరే.

మళ్ళీ లెక్క చేసినారు. మూడువందల నాలుగులోంచి పదమూడు పోతే రెండువందల తొంభై ఒకటి. సగం నూట నలభై అయిదున్నర. అది సరిగ్గా కింది గీత దగ్గరే ఉంది. పాప చుక్క ఆ గీత మీదే ఉంది. డాక్టరమ్మ ముఖం తేటపడింది. మీ పాప మీ పాపలాగే ఉందన్నారు. ఒక్కసారి కొలిస్తే బిడ్డ ఎంతుందో తెలుస్తుంది గానీ ఎదుగుతోందో లేదో తెలియదని, ఆరు నెలలకు మళ్ళీ తీసుకురమ్మని, ఇప్పటికి సూదులక్కర్లేదని చెప్పినారు.

స్కర్టు సంగతి చెప్పడానికి మా ఇంటావిడ నోరు తెరిచింది. నేను చూసినాను. కానీ అంతకు ముందే ఆమె ఎత్తు అబద్ధమైపోయింది కదా, ఇంక తన మాట ఎవరు నమ్ముతారనుకుందో ఏమో, ముడుచుకున్న స్కర్టు మడతలాగే నోరు మూసుకుంది.

బయటికొచ్చి నేను హోటల్లో ఉగ్గాని బజ్జీ చెప్పినాను. నా ప్రాణం కుదుటపడింది. నిజం చెప్పినందుకు దేవుడు పాపను ఆరోగ్యంగా చేసేసినాడు అనిపించింది. లెక్కలంటే పుట్టుభయమున్న నాకు ఒక లెక్క ఇంత అనుకూలంగా రావడం అదే మొదలు. ఆమె ప్లేటు ముట్టలేదు.

"ఆ లెక్క మనల్ని చూసి చెప్పింది. పాపను చూసి చెప్పలా" అనింది.

ఆమె ప్లేటు నా వైపు జరుపుకున్నాను. బజ్జీ ఉండాది. తిన్నాను.

ఆ తర్వాతి నెలలు ఇప్పటికీ నాకు కుదురుగా గుర్తు చేసుకోవడం రాదు. వాకిలి దారబందం మీద ఆమె ప్రతి ఆదివారం పాపను నిలబెట్టి, తలమీద నోటుపుస్తకం అడ్డం పెట్టి పెన్సిల్ గీత గీసేది. గీత మీద గీత, మళ్ళీ దాని మీదే గీత. వారం వారం ఆ గీత లావైంది గానీ పైకి పోలేదు. రాగిమాల్టు పోసింది, గుడ్లు పెట్టింది, వేరుశెనగ బుడ్డలూ బెల్లమూ ఉండలు కట్టింది. నేను టీవీలో చూపించే పొడి డబ్బా తెచ్చినాను. వేలాడితే పొడుగవుతారని ఎవరో చెబితే, సాయంత్రం పాపను ఎత్తి గేటు పైకమ్మీకి తగిలించేవాళ్ళం. అది చేతులు నొస్తున్నా మాట్లాడకుండా వేలాడేది. దించమని అడిగేది కూడా కాదు. మా పాప ఎంత బుద్ధిమంతురాలో అని నేను మురిసిపోయినాను.

మే నెలలో, బుక్కరాయసముద్రం చెరువు గట్టు మీద కూడా గాలి ఉడికే రోజుల్లో, అది ఫ్యాను ఆపమని అడిగింది. చలి అనింది. అనంతపురంలో మే నెలలో చలి అనే మాట వాడిన మనిషి నాకు తెలిసి అది ఒక్కతే. అది కూడా నాకు జోకుగానే పనికొచ్చింది, బడి తెరిచినాక స్టాఫ్ రూములో చెప్పి నవ్వించినాను. దుప్పటి కప్పుకుని, బూరెల్లాంటి బుగ్గలతో, బండరాయి మీద ఎండకు కూచునేది. చూసినవాళ్ళంతా బాగా సాకుతున్నారన్నారు. బడి నుంచి వచ్చి చదువుకుని నిద్రపోయేది. ఆటకు పోవడం ఎప్పుడు మానేసిందో మాకు గుర్తు లేదు.

మా ఇంటావిడ మాత్రం బక్కచిక్కిపోయింది. అన్నం దగ్గర కూచుని పాప చేతిని మోచెయ్యి నుంచి మణికట్టు దాకా తడిమి చూసేది, ఎముక లోపల ఏమన్నా కదులుతుందేమోనన్నట్టు. నేను బడిలో ఖాళీ పీరియడ్లో అదే లెక్క మళ్ళీ మళ్ళీ వేసేవాణ్ణి. ఎన్నిసార్లు వేసినా నూట నలభై అయిదున్నరే. సరిగ్గా ఉండాది, సరిగ్గా ఉండాది అనుకునేవాణ్ణి. తప్పు రాని లెక్క అంత భయపెడుతుందని నాకు అంతకు ముందు తెలీదు.

ఆరు నెలలకు మళ్ళీ పోయే రోజు మా తమ్ముడు ఊర్నుంచి వచ్చి ఉన్నాడు. వాడి కారులోనే పోదామన్నాడు. వాణ్ణి గురించి కొంచెం చెప్పాలి. వాడు పుట్టిన ఏడు మాకు ఒక్క వాన పడలేదు. అమ్మకు పాలు రాలేదు. చంటిబిడ్డను మా అవ్వ ఎత్తుకుని తుంగభద్ర కాలవ కింద ఉన్న తన ఊరికి తీసుకుపోయింది. వరి మళ్ళూ, ఇంటి ముందర రెండు బర్రెలూ ఉన్న ఇల్లు అది. వాడు అక్కడే పెరిగినాడు, అక్కడే సేద్యం చేసుకుంటున్నాడు. పెద్దవాణ్ణని నేను అమ్మానాయనల దగ్గరే ఉండిపోయినాను. వరసగా వచ్చిన కరువుల్లో గంజి తాగి, అదీ లేనినాడు నీళ్ళు తాగి పడుకున్నాను. చెట్టంత మనిషి మా తమ్ముడు. మా ఇంటి దారబందం కింద తల వంచి వస్తాడు. "వదినా, ఈ వాకిలి అన్న కొలతకు పెట్టించినారా" అని ప్రతిసారీ అడుగుతాడు.

డాక్టరమ్మ పాపను కొలిచినారు. ఒకసారి కాదు, దించి, మళ్ళీ నిలబెట్టి, రెండోసారి తనే అడ్డపలక పట్టుకుని కొలిచినారు. నూట ఇరవై అయిదు.

ఆరు నెలల్లో ఒక్క సెంటీమీటరు. ఈ వయసు బిడ్డ ఏడాదికి అయిదారు పెరగాలట. చుక్క ఇప్పుడు కింది గీత మీద లేదు, దాని కిందికి జారింది. బరువు మాత్రం పెరిగింది. మా ఇంటావిడ నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేటట్టు.

అంతలో మా తమ్ముడు కారు తాళం చేతిలో తిప్పుకుంటూ లోపలికి తల పెట్టి, ఇంకా ఎంతసేపు అన్నా అని అడిగినాడు. డాక్టరమ్మ వాడి వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ వాడి వైపు చూసినారు.

"ఈయన ఎవరు?"

"మా తమ్ముడు మేడమ్."

"సొంత తమ్ముడా?"

"ఒక తల్లి బిడ్డలమే మేడమ్" అన్నాడు వాడు నవ్వుతూ. "కాకపోతే నేను కాలవ కింద పంట, అన్న మెట్ట పంట."

ఆమె నవ్వలేదు. వాణ్ణి కూచోబెట్టి ఎక్కడ పెరిగినాడో అడిగినారు. నన్ను, మా ఇంటావిడను చిన్నప్పుడు ఏం తిన్నామో అడిగినారు. మా ఇంటావిడది కళ్యాణదుర్గం దిక్కు వానమీద బతికే పల్లె. అయిదుగురు ఆడపిల్లల్లో కడగొట్టుది. అందరూ తిన్నాక మిగిలింది తినింది. అదంతా చెప్పడానికి సిగ్గేసింది మాకు, ఎత్తు చెప్పినప్పటికంటే ఎక్కువ. వాణ్ణి కూడా కొలత పలక ముందు నిలబెట్టినారు. నూట డెబ్బై అయిదు. నాకంటే పద్దెనిమిది ఎక్కువ. అన్నదమ్ముల మధ్య కొంత తేడా ఉండొచ్చు గానీ ఇంత తేడా చూస్తే మీ ఎత్తు నమ్మదగింది కాదన్నారు. నా మాట నమ్మకపోతే సరే, నా ఎత్తునే నమ్మకపోవడం కొత్త.

అప్పుడు ఆమె చెప్పింది నేను అక్షరం పొల్లుపోకుండా వింటిని. ఆ లెక్క తల్లిదండ్రులు ఇద్దరూ తమ ఒంట్లో రాసిపెట్టి ఉన్నంత ఎత్తూ పెరిగినారు అనుకుని మొదలవుతుంది. తిండి లేకనో రోగమొచ్చో వాళ్ళు మధ్యలో ఆగిపోయి ఉంటే, లెక్కలో పడేది వాళ్ళ రక్తం కాదు, వాళ్ళ ఆకలి. అప్పుడు బిడ్డకు వచ్చే అంకె కూడా పొట్టిదే. నిజంగా జబ్బుతో ఆగిపోయిన బిడ్డను తెచ్చి ఆ పొట్టి అంకె పక్కన నిలబెడితే, సరిపోయిందనిపిస్తుంది. ఇంకొకటి, ఆ లెక్క ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఎక్కడికి చేరొచ్చో చెబుతుంది, అంతే. బిడ్డ నడుస్తోందో ఆగిందో దానికి తెలీదు. అది తెలియాలంటే మళ్ళీ మళ్ళీ కొలవాల్సిందే.

"నాకు మీరు మొదట చెప్పిన అబద్ధమే నయం సార్" అన్నారు. "దాంతో లెక్కేసినప్పుడు నాకు అనుమానం వచ్చింది. నిజం కొలిచినాక పోయింది. మీ చిన్నతనం గురించి నేను ఆ రోజే అడగాల్సింది."

అప్పుడు మా ఇంటావిడ నోరు విప్పింది. స్కర్టు మడత, దారబందం గీత, మే నెల దుప్పటి, మలబద్ధకం, గరుకెక్కిన చర్మం, అన్నీ ఒకదాని మీద ఒకటి, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. దుప్పటి దగ్గర డాక్టరమ్మ లేచి పాప మెడ ముందు వేళ్ళు పెట్టి, మింగమ్మా అన్నారు. రక్తం తీయించినారు. ఎడమ చెయ్యి ఎక్స్‌రే తీయించినారు.

ఫలితం మరుసటి రోజు సాయంత్రానికి అన్నారు. ఆ రోజు నేను బడికి పోయి, ఏ పాఠం చెప్పినానో గుర్తు లేదు. నాకు తెలిసిన మాటలన్నీ ఒక్కొక్కటే నా దగ్గర్నుంచి లేచి వెళ్ళిపోయినట్టుంది. ఇంటికొస్తే ఆమె పొయ్యి వెలిగించలేదు. నా బిడ్డకు ఏమీ వద్దు, పొట్టిగానే ఉండనీ, ప్రాణంతో ఉంటే చాలని గోడకు చెబుతోంది. నాకు చెబితే ఏదో ఒక చమత్కారం చేస్తానని భయపడిందేమో. చెయ్యలేకపోయుండేవాణ్ణి.

థైరాయిడ్ గ్రంథి దాదాపు పని మానేసింది. రెండేళ్ళుగానో అంతకంటే ఎక్కువగానో నెమ్మదిగా ఆరిపోతూ వచ్చిందట. ఎక్స్‌రేలో పాప చేతి ఎముకలకు ఏడేళ్ళే. దానికి పదిన్నర. ఒకే బిడ్డలో రెండు వయసులు. రోజూ ఒక చిన్న మాత్ర, పొద్దున్నే పరగడుపున, జీవితాంతం. మాత్ర మొదలైతే పెరుగుదలా మొదలవుతుంది. ఎముక వెనకబడి ఉండటమే ఎదగడానికి మిగిలిన జాగా.

"ఐతే మొత్తం వచ్చేస్తాది గదా మేడమ్?" అనింది మా ఇంటావిడ.

"మొత్తం అని చెప్పలేనమ్మా. మాత్రతో ఎత్తూ పరిగెత్తుతాది, ఎముక వయసూ పరిగెత్తుతాది. పెద్దమనిషి అయినాక ఇంక ఎక్కువ జాగా ఉండదు. ముందు వచ్చుంటే..." అని ఆగిపోయినారు. ముందు వచ్చినాము. ఆరు నెలల ముందు ఆ కుర్చీల్లోనే కూచుని ఉండినాము. ముగ్గురికీ అదే గుర్తొచ్చింది.

నేను ఒక్క అంకె అడిగినాను. ఎంతవుతుంది మేడమ్, సుమారుగానైనా చెప్పండి అని బతిమాలినాను. మా తమ్ముడి ఎత్తు పెట్టి లెక్క వెయ్యకూడదా అని కూడా అడిగినాను. ఆమె కలం మూత పెట్టేసినారు. మీ ఇద్దరి అంకెలూ పనికిరావు, తమ్ముడి అంకె ఆ లెక్కలోకి రాదు, నేను అంకె చెప్పను, మూడు నెలలకు తీసుకురండి, కొలుద్దాం అన్నారు. ఏదో ఒక తప్పు అంకె చేతిలో పెట్టినా పట్టుకుని ఇంటికి పోయుండేవాణ్ణి. అదీ ఇవ్వలేదు.

మూడు నెలల్లో రెండున్నర సెంటీమీటర్లు పెరిగింది. జుట్టు కొంచెం రాలింది. ఎదురు మాట్లాడటం మొదలుపెట్టింది. గేటుకు తగిలించబోతే నా చెయ్యి విదిలించి కొట్టింది. ఇన్నాళ్ళూ మేము బుద్ధి అనుకున్నది జబ్బు, ఇప్పుడు వచ్చింది మా బిడ్డ అని మాకు తెలిసి, తిట్టాలో మొక్కాలో తెలియక నిలబడిపోయినాము. డాక్టరమ్మ చుక్క పెట్టి, బాగుంది, కానీ ఇప్పుడే ఏమీ అనుకోవద్దన్నారు. అనుకోకుండా ఉండటం మా ఇంటావిడకు చేతకాలేదు. ఆ రెండున్నరను ఆమె రోజూ గుణిస్తుంది, మళ్ళీ పాప ఒంట్లో పెద్దమనిషి కాబోయే ఛాయ ఏమన్నా వచ్చిందా అని స్నానం చేయించేటప్పుడు చూసి, ముఖం తెల్లబడి బయటికి వస్తుంది. ఎదగాలి, కానీ త్వరగా ఎదగకూడదు. ఏ దేవుడికి ఏమని మొక్కాలో ఆమెకూ తెలియడం లేదు.

పొద్దున మాత్ర ఇచ్చే పని నాది. మింగినాక అరగంట దాకా ఏమీ పెట్టకూడదు. ఆ అరగంటా పాపా నేనూ గడప మీద కూచుంటాము. మొన్న అది వాళ్ళ చిన్నాయన ఫోనులో పంపిన ఫోటో చూస్తూ ఉండి, ఉన్నట్టుండి అడిగింది.

"నాయనా, నేను ఎంత ఎత్తు అయితాను?"

"తెలీదమ్మా. డాక్టరమ్మకు కూడా తెలీదంట."

ఫోటోలో చిన్నాయన తల మీద వేలు పెట్టింది. "సరే, నువ్వు ఎంత కావాల్సినోడివి?"

ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, డాక్టరమ్మతో సహా. ఏదో ఒక మాట దొరుకుతుందని వెతికినాను. లోపల దోసె పెనం మీద చుయ్యిమనింది. పాప వాసన పీల్చి నా వైపు తిరిగింది.

"ఆకలైతాంది నాయనా."

గడియారం చూసినాను. ఇంకా సగం కూడా కాలేదు.

"ఇంకొంచెంసేపు ఓర్చుకో తల్లీ" అన్నాను.